ఏ రోజు నుంచి లెక్క

ఆ కాగితాలు నా బల్ల మీదికి వచ్చేటప్పటికి మా అక్క పోయి తొమ్మిది నెలలు. నరసరావుపేటలో జిల్లా వైద్యశాఖ ఆఫీసులో నాది లెక్కల ఉద్యోగం. ఏ ఊళ్ళో ఎన్ని కాన్పులయ్యాయి, ఎంతమంది పిల్లలకి టీకాలు పడ్డాయి, ఎవరు దేనితో పోయారు, అన్నీ అంకెలై నా దగ్గరికే వస్తాయి. ఆ రోజు వచ్చింది ఒక ట్రస్టు ఆసుపత్రి వాళ్ళ రిపోర్టు. వాళ్ళ వ్యాన్ ఒకటి ఏళ్ళ తరబడి పల్నాడు మండలాల్లో తిరుగుతూ ఆడవాళ్ళకి రొమ్ము ఎక్స్‌రే తీస్తోంది, గడ్డ చేతికి తగలకముందే క్యాన్సర్‌ని పట్టుకోవడానికి. వ్యాన్‌లో బయటపడ్డవాళ్ళలో ఐదేళ్ళు బతికినవాళ్ళెందరు, గడ్డ కనిపించాక తమంతట తాము వచ్చినవాళ్ళలో ఐదేళ్ళు బతికినవాళ్ళెందరు అని గ్రాఫులో రెండు కడ్డీలు గీశారు. మొదటిది బాగా పొడుగు. రెండోది పొట్టి. కింద పెద్దక్షరాలతో, మా వ్యాన్ ప్రాణాలు నిలబెడుతోంది, అని రాశారు.

అది చూసి ఒక కంపెనీ రెండో వ్యాన్ ఇస్తామంది. జిల్లా కమిటీ సరే అనాలి. అనే ముందు ఆ మాట నిజమో కాదో ఒక పేజీ నోటు రాయమని మా ఆఫీసరుగారు కాగితాలు నాకు పంపారు. "మంచి పనే గదమ్మా. రెండు ముక్కలు బాగా రాసి పంపించు," అన్నారు ఫోన్‌లో. ఆయనకి సంతకం కావాలి, నా అభిప్రాయం కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

వెనక జాబితా జతచేశారు. పేర్లు లేవు. నంబరు, మండలం, వయసు, జబ్బు బయటపడ్డ తేదీ, ఎలా వచ్చారు, ఐదేళ్ళు నిండాయా లేదా. నేను ఊరికే వేలు పెట్టి కిందికి లాగుతూ పోతున్నాను. వెల్దుర్తి మండలం, నలభై ఎనిమిదేళ్ళు. తేదీ చూశాను. ఆ తేదీ నాకు తెలియకపోవడమేంటి, ఆ కబురు మోసుకెళ్ళి చెప్పింది నేనే. ఆ వరసలో చివరి గడికి ఆకుపచ్చ రంగు వేశారు. ఐదేళ్ళు పూర్తి.

మా అక్క ఐదేళ్ళ నాలుగు నెలలకి పోయింది. వాళ్ళు లెక్క ఐదేళ్ళ దగ్గర ఆపారు కాబట్టి గడి తప్పు కాదు. అందరూ అలాగే ఆపుతారు, నేనైనా అలాగే ఆపుతాను. అయినా ఒళ్ళు మండిపోయింది. చివరి నాలుగు నెలలు అది నడుం తిప్పలేక, మంచం మీద పడి, నీళ్ళ గ్లాసు ఎత్తలేక, పిల్లి పిలిచినట్టు నన్ను పిలిచేది. ఆ నాలుగు నెలలకి ఏ రంగూ లేదు. లేచి వెళ్ళి ముఖం కడుక్కొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

అసలు దాన్ని వ్యాన్ దగ్గరికి లాక్కెళ్ళింది నేను. ఎవరో కాదు. అక్కది వెల్దుర్తి పక్కన పల్లె. మిరప కోతల రోజులు. నేను ఆఫీసు జీపులో పోయి దిగేసరికి చేలోకి బయల్దేరుతోంది, నెత్తికి గుడ్డ కట్టుకుని.

"ఏమే, మీ ఆఫీసులో మనుషులు చాలకపోతే నన్ను లెక్కకి రాసుకుంటావా? నాకేమైంది? గుండ్రాయిలా ఉండా," అంది.

"గుండ్రాయికే తీస్తారు ఎక్స్‌రే. జబ్బు వచ్చినదానికి వ్యాన్ ఎందుకు, ఆసుపత్రే ఉంది గదా. నడువు," అన్నాను. 

నాది పెద్ద నోరు. అక్క కంటే ఏడేళ్ళు చిన్నదాన్నయినా మా ఇంట్లో గొంతు నాదే. దాని తోడికోడలు, అంటే మా బావ తమ్ముడి భార్య, గడపలో కూర్చుని నవ్వుతోంది. ఆవిణ్ణి నేను చిన్నక్క అనేదాన్ని. "నవ్వుతావేంటి, నువ్వూ నడువు," అని ఆవిణ్ణీ లేపాను. ఇద్దర్నీ బడి ఆవరణలో ఆగిన వ్యాన్ దగ్గరికి తోలుకుపోయాను. అక్క దిగొచ్చి, "రెండు పలకల మజ్జెన పెట్టి నలిపేశారే, దీనికి నేను కోతలు మానుకున్నానా," అని నన్ను తిట్టింది. చిన్నక్క దారంతా నవ్వుతూనే ఉంది.

పది రోజులకి చిన్నక్కకి చీటీ వచ్చింది, ఏమీ లేదని. దాన్ని ఆధార్ కార్డు, రేషన్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. అక్కకి ఫోన్ వచ్చింది, ఇంకోసారి చూడాలని. గుంటూరు తీసుకెళ్ళాం. సూదితో ముక్క తీశారు. మామూలు ముక్క కాదని తేలింది. అప్పటికి అక్కకి నొప్పి లేదు, గడ్డ చేతికి దొరకదు, ఆకలి బ్రహ్మాండం. ఆ కబురు విన్న రోజున కూడా బయట బజారులో ఇడ్లీ తింది. దాన్ని మంచాన పడేసింది మొదట చికిత్సే, జబ్బు కాదు. ఆపరేషన్, కీమో, కరెంటు, అదే రేడియేషన్. జుట్టు పోయింది. కుడిచెయ్యి వాచి, మళ్ళీ తగ్గలేదు. గాజులు ఎక్కవు. మా ఊళ్ళో మిరప కోయడంలో దాని చేతి వాటం ఎవరికీ లేదు, ఆ చేతితో అది మళ్ళీ చేలోకి దిగలేదు. గట్టు మీద కూర్చుని ఎవరెలా కోస్తున్నారో వంకలు పెట్టేది.

నాలుగో ఏడు సగంలో జబ్బు వెన్నెముకకి పాకింది.

చిన్నక్క సంగతి వేరు. రెండేళ్ళకి వ్యాన్ మళ్ళీ వచ్చినప్పుడు ఎవరూ లాగకుండానే వెళ్ళింది. అక్కకి జరిగింది కళ్ళారా చూసింది మరి. మళ్ళీ ఏమీ లేదని చీటీ. అదీ కవర్లోకి పోయింది. పది నెలలకి స్నానం చేస్తుంటే గడ్డ తగిలింది. ఎవరికీ చెప్పలేదు. నిమ్మకాయంత అయ్యేదాకా చెప్పలేదు. చివరికి అక్క కనిపెట్టి నిలదీస్తే, లోపలికెళ్ళి ఆ కవర్ తెచ్చి చీటీ చూపించింది. "వ్యాన్ వాళ్ళు ఏమీ లేదని రాసిచ్చినారు గదక్కా. కొవ్వు గడ్డనుకున్నా," అంది.

అక్కే తీసుకెళ్ళింది గుంటూరుకి, వాచిన చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని. ఏ ఆసుపత్రిలో తనకి కోశారో అక్కడికే. ఆ తర్వాత ఎన్నోసార్లు ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో సెలైన్లు పెట్టించుకున్నారు. చిన్నక్క రెండేళ్ళు తిరక్కుండానే, రోహిణీ ఎండల్లో పోయింది. ఆ తర్వాత నెలన్నరకి అక్క. రెండు చావులకీ ఒకే వంటమనిషిని పిలిచాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ జాబితాలో నా వేలు ఇంకో చోట ఆగింది. రెండో పట్టిక, పొట్టి కడ్డీ వాళ్ళది. వెల్దుర్తి మండలం, నలభై ఆరేళ్ళు. ఎర్ర గడి. ఎలా వచ్చారు అన్న దగ్గర, తనంతట తాను, అని ఉంది.

చిన్నక్క. రెండుసార్లు వ్యాన్ ఎక్కిన మనిషి, వ్యాన్ ఎక్కని వాళ్ళ లెక్కలో ఉంది.

మర్నాడు పొద్దున్నే గుంటూరులోని ఆ ట్రస్టు ఆసుపత్రికి బయల్దేరాను. వ్యాన్ పని చూసే డాక్టరుగారు యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మా అక్కకి కోసింది ఆయనే. అక్క పోయినప్పుడు ఇంటికి కూడా వచ్చాడు. పోట్లాడదామని వెళ్ళినదాన్ని, ఆయన కుర్చీ లాగి వేసేసరికి సగం చల్లబడ్డాను.

జాబితా ఆయన ముందు పెట్టి చిన్నక్క వరస చూపించాను. ఆయన రిజిస్టర్ తెప్పించాడు.

"ఎలా వచ్చారు అని ఓ గడి ఉంటుందమ్మా. వ్యాన్ నుంచి మేము పిలిపిస్తే ఒకటి. ఆమె ఆటోలో వచ్చి ఓపీ చీటీ తీసుకుంది. బల్ల దగ్గరమ్మాయి తనంతట తాను అని రాసింది. అంతకుముందు వ్యాన్ ఎక్కారా అని అడిగే గడే లేదు," అన్నాడు.

"ఇట్లాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు సార్?"

ఆయన మిగతా పుస్తకాలు కూడా తెమ్మన్నాడు. సాయంత్రానికి వ్యాన్ పుస్తకాలూ ఓపీ పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కరు కాదు, చాలామందే తేలారు. వ్యాన్ ఏమీ లేదంది, మళ్ళీ వ్యాన్ వచ్చేలోపు గడ్డ లేచింది, త్వరగా పోయారు. అందరూ పొట్టి కడ్డీలోనే.

అలా ఎందుకవుతుందో ఆయనకి నేను చెప్పాలా, చదువుకున్నవాడే. కానీ రోజూ కత్తి పట్టుకునేవాళ్ళకి ఎదురుగా ఉన్న మనిషి కనిపిస్తుంది, రాని మనిషి కనిపించదు. అందుకని చెప్పాను. నేను సర్వేలకి తిరిగినదాన్ని. రెండేళ్ళకోసారి ఊళ్ళోకి వెళ్ళి తలుపు తడితే ఎవరు దొరుకుతారు? ఆ ఇంట్లో కాపురమున్నవాళ్ళు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే చుట్టం దొరకడు. జబ్బూ అంతే. నిదానంగా పెరిగేది ఏళ్ళ తరబడి కనిపించకుండా లోపలే కూర్చుంటుంది, వ్యాన్ ఎప్పుడొచ్చినా దొరుకుతుంది. దూకుడుగా పెరిగేది రెండు వ్యాన్‌ల మధ్యన లేచి మనిషిని తీసుకుపోతుంది. నిదానం జబ్బు ఉన్నవాళ్ళు మందు పడినా పడకపోయినా ఎక్కువకాలం బతుకుతారు. కొందరికైతే అది వాళ్ళ జన్మకి బయటపడేదే కాదు. వాళ్ళందర్నీ ఒక పట్టికలో పోసి, దూకుడు జబ్బుల్ని రెండో పట్టికలోకి తోసి, చూడండి మా వాళ్ళు ఎక్కువ బతికారు అంటే ఎట్లా? చికిత్స మొదలవకముందే మొదటి కడ్డీ పొడుగైపోయింది.

"సరే. ఆ వరసలు మారుస్తాను," అన్నాడు వెంటనే. మంచివాడు. "మార్చినా తేడా ఉంటుందమ్మా. అప్పుడు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను. ఏ రోజు నుంచి లెక్కపెట్టారు సార్?"

"బయటపడ్డ రోజు నుంచి."

"అదే తప్పు." 

ఆయన కాగితం వెనక ఒక గీత గీశాను. గుంటూరు నుంచి మాచర్ల పోయే రైలు. ఒకరు గుంటూరులో ఎక్కారు. ఇంకొకరు పిడుగురాళ్ళలో ఎక్కారు. ఇద్దరూ మాచర్లలోనే దిగాలి, అక్కడితో పట్టాలు అయిపోతాయి. గుంటూరులో ఎక్కినామె ఎక్కువసేపు ప్రయాణం చేసింది, నిజమే. అంతమాత్రాన రైలు మాచర్ల దాటి పోయిందా? వ్యాన్ చేసింది ముందు స్టేషన్లో ఎక్కించడం. రెండేళ్ళో మూడేళ్ళో ముందు తెలుస్తుంది. తెలిసిన రోజు నుంచి లెక్కపెడితే చావు ఒక్క రోజు కూడా జరక్కపోయినా బతికిన కాలం పెరిగినట్టే కనబడుతుంది.

డాక్టరుగారు కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "అంటే మా పని వృథా అంటారా?" అన్నాడు.

"అననండీ. ముందే దొరికితే మందు బాగా పట్టి కొందరు నిజంగానే బతకొచ్చు. వేరే చోట్ల లాటరీలా చీట్లు తీసి కొందరికి పరీక్ష పెట్టి, కొందరికి పెట్టక, ఏళ్ళ తరబడి చూసి, కొంత మేలుందని తేల్చినవీ ఉన్నాయి. ఇక్కడ ఎంత మేలో, అసలుందో లేదో, మీ కడ్డీలు చెప్పవంటున్నాను. చెప్పాలంటే రెండో వ్యాన్ ఏ మండలాలకి ముందు పోవాలో చీటీ తీయండి. చీటీలో వచ్చిన మండలాల్లో ఆ వయసు ఆడవాళ్ళందరినీ లెక్కలోకి తీసుకోండి, వ్యాన్ ఎక్కినవాళ్ళు, ఎక్కనివాళ్ళు, ఏమీ లేదని చీటీ పట్టుకుపోయినవాళ్ళు, అందర్నీ. రాని మండలాల్లోనూ అంతే. ఇంతమంది ఆడవాళ్ళలో ఈ జబ్బుతో ఎంతమంది పోయారో లెక్కపెట్టండి. బయటపడ్డ తేదీతో పని లేదు. చావు తేదీని ఎవరూ ముందుకి జరపలేరు."

ఆయన తల ఊపాడు. నేను లేస్తుంటే, "మీ బావగార్ని మీటింగులో మాట్లాడమని అడిగాను, తెలుసా?" అన్నాడు.

నాకు తెలియదు. జాబితా సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను.

ఆ రోజే బావ ఫోన్ చేశాడు. బావ తక్కువ మాట్లాడే మనిషి. అక్క ఉన్నన్నాళ్ళూ అది మాట్లాడితే ఈయన తలూపడమే. అక్క పోయాక తలూపడానికి కూడా ఎవరూ లేకపోయారు.

"అమ్మాయ్, కలెక్టరాఫీసులో మాట్లాడమన్నారు. పదిమందిలో ఎప్పుడూ మాట్లాడింది లేదు. దాని కోసం మాట్లాడతా. నాలుగు ముక్కలు రాసుకున్నా, చదవనా?" అన్నాడు.

చదివాడు. మా ఆవిడకి రోగముందని ఎవరికీ తెలియనప్పుడే వ్యాన్ వాళ్ళు కనిపెట్టారు. ఐదేళ్ళు ఇచ్చారు. ఆ ఐదేళ్ళు లేకపోతే మనవరాలి మొహం చూసేది కాదు. వాళ్ళ రుణం తీర్చుకోలేను. అంతే ఆ కాగితం.

"బాగుందా?" అన్నాడు.

ఆ మనిషికి మిగిలింది ఆ ఐదేళ్ళ మాట ఒక్కటే. తీసుకున్న నిర్ణయం సరైనదే, పడ్డ కష్టం ఊరికే పోలేదు అని. దాని మీదే అన్నం తింటున్నాడు. నేను రాసే ఒక్క పేజీ ఆ మాటకే తగులుతుంది. అప్పుడే చెప్పాల్సింది. "బాగుంది బావా," అన్నాను. ఎక్కడలేని నోరు నాకు, అక్కడ పడిపోయింది.

నోటు రాయడానికి రెండు రోజులు పట్టింది. రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను, అక్కదీ, చిన్నక్కదీ. నాకు ఏడుపు ఆగలేదు. ఒకామె గెలిచినవాళ్ళలో, ఒకామె ఓడినవాళ్ళలో. ఇద్దరూ నెలన్నర తేడాతో ఒకే వాకిట్లోంచి పోయారు. ఇద్దరితో ఏదీ తేలదు, అదీ నాకు తెలుసు. వాళ్ళ జబ్బులు వేరు కావచ్చు. వ్యాన్ లేకపోతే అక్క ఇంకా ముందే పోయేదేమో. లేదూ, మూడో ఏటిదాకా ఏమీ తెలియకుండా మిరప కోసుకుంటూ తిరిగి, అదే రోజున పోయేదేమో. వెయ్యిమందిని తీసుకుంటే చెప్పగలను. ఒక్కదాని గురించి, అదీ నా అక్క గురించి, ఎంత చదివినా చెప్పలేను. ఆ రెండో సంగతే నిజమైతే, జుట్టు పోయిన ఏడు, గాజులు ఎక్కని చెయ్యి, అవన్నీ నేను లాక్కెళ్ళి ఇప్పించినవి. చిన్నక్కకి ఇప్పించింది ఇంకా ఘోరం, ఒక చీటీ.

నోటులో ఇవేవీ రాయలేదు. వ్యాన్ వల్ల మేలు లేదని తేలలేదు, ఉందనీ తేలలేదు, బతికిన కాలంతో ఇది తేలదు, ఇలా తేల్చవచ్చు అని రాసి సంతకం పెట్టాను. ఆఫీసరుగారు చదివి, "ఏందమ్మా ఇది, సూటిగా అవునో కాదో చెప్పకుండా," అని విసుక్కున్నారు. అదే సూటి సమాధానం అన్నాను.

మీటింగు రోజున బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. జేబులో ఆ కాగితం అంచు కనిపిస్తోంది. నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. నన్ను ముందు చదవమన్నారు. ముందుగా తెలియడం వేరు, ఎక్కువ బతకడం వేరు అన్న దగ్గరికి వచ్చేసరికి, బావ నా వైపు తిరిగి చూడటం తెలిసింది. రైలు సంగతి నోటులో లేదు, కమిటీలో ఒకాయన అర్థం కాలేదంటే చెప్పాల్సి వచ్చింది. మాచర్ల రైలు బావకి ఒకరు చెప్పాలా?

డాక్టరుగారు లేచి, కొన్ని వరసలు తప్పు పట్టికలో పడ్డాయని, మార్చితే తేడా తగ్గిందని, మిగిలిన తేడా కూడా రుజువు కాదని ఒప్పుకున్నాడు. ఆయన స్థానంలో నేనుంటే అంత తేలిగ్గా ఒప్పుకునేదాన్ని కాదు. రెండో వ్యాన్ చీటీల మీద తిప్పుదామని, గడ్డ లేచి వచ్చినవాళ్ళకి ఇక్కడే ముక్క పరీక్ష చేసే ఏర్పాటు చూద్దామని మాట్లాడుకున్నారు. తర్వాత, "ఈయన మా వ్యాన్‌లో బయటపడ్డ ఆమె భర్త," అని బావని పిలిచారు. అప్పటికే పిలుస్తామని చెప్పారు కాబట్టి పిలిచారు.

బావ లేచి నిలబడ్డాడు. జేబులో కాగితం తీయలేదు.

"మా మరదలు కూడా ఎక్కింది ఆ వ్యాన్. ఆమెకి ఏమీ లేదని చీటీ ఇచ్చినారు. ఆ ఏమీ లేదన్న చీటీ మీద, గడ్డ తగిలితే వెంటనే రండి అని రాయించండి, పెద్దక్షరాలతో," అన్నాడు. కూర్చున్నాడు. 

నేను బావతో మాచర్ల బస్సు దాకా నడిచాను. ఎండ మండిపోతోంది. సోడా తాగుతావా అంటే వద్దన్నాడు. బస్సు వచ్చి ఆగింది, ఎక్కలేదు.

"లెక్కలొద్దు. మీ అక్క సంగతి చెప్పు. వ్యాన్ దానికి ఆ ఐదేళ్ళు ఇచ్చిందా, ఇవ్వలా?" అన్నాడు.

"తెలియదు బావా."

"ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలియదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ తెలియదు. ఒక్క మనిషి గురించి తెలుసుకునే దారి లేదు."

తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"అది రోజూ అడిగేది నన్ను," అన్నాడు. "చెయ్యి వాచినప్పుడు అడిగేది. నడుం పడిపోయినాక అడిగేది. ఇదంతా పడకపోతే నేను ఈపాటికి పోయుండేదాన్నా, నిజమేనా అని. నాకేం తెలుసు? నీ చెల్లెలు పెద్ద చదువు చదివింది, తీసుకెళ్ళింది అదే, దానికి తెలుసు అనేవాణ్ణి. అది ఊరుకునేది. నిన్ను కూడా అడిగింది గదా?"

అడిగింది. గుంటూరులో, వెన్నెముకకి పాకిందని తెలిసిన రోజున. పోయుండేదానివే అక్కా, అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్నాను. దానికి ఆ మాట కావాలి, నాకూ కావాలి.

"అడిగింది బావా," అన్నాను.

కండక్టరు విజిల్ వేశాడు. బావ మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు. కోపంగా అనలేదు. చాలా మెల్లగా, ఇంకెవరి గురించో చెబుతున్నట్టు అన్నాడు.

"నీకు తెలుసనుకున్నాం, అమ్మాయ్."